ఎక్సెల్‌లో ఫోన్ నంబర్ల ముందు సున్నా ఎగిరిపోకుండా ఎలా చేయాలి?

శ్రీకాకుళం ఎస్టీడీ కోడ్ 08942, విజయనగరానిది 08922, వాటి వెనకాల ఆరంకెల నంబరు ఉంటుంది కదా. ఆ పదకొండు అంకెలూ కలిపి ఎక్సెల్‌లో కొట్టి ఎంటర్ నొక్కితే ముందున్న సున్నా పోతుంది. మిగిలేవి పది అంకెలు, అవీ 8తో మొదలయ్యేవి, అంటే చూసినోడికి అచ్చం సెల్ నంబరే! ఐటమ్ కోడ్‌ల్లాంటి వాటిలో సున్నా పోతే పొట్టిగా కనపడి ఎవరో ఒకరు పట్టేస్తారు గానీ మన ల్యాండ్‌లైన్లకి ఆ అదృష్టం లేదు. ఆమధ్య మందుల ఏజెన్సీలో పనిచేసే కుర్రాడొకడు లిస్టు ప్రింట్ తీసుకొచ్చి "అన్నా, ఈ సెల్ నంబర్లు సగం తగల్డం లేదు, ఏటయిపోనాదో చూడు" అన్నాడు. సగం అసలు సెల్ నంబర్లే కావు, సున్నా పోయిన షాపుల ల్యాండ్‌లైన్లు.

ఎందుకు పోతుందంటే, మీరు అంకెలు కొట్టగానే ఎక్సెల్ అవి లెక్క కట్టే సంఖ్య అనుకుంటుంది. సంఖ్యకి ముందు సున్నా ఉన్నా లేకపోయినా విలువ ఒకటే కాబట్టి తీసి పారేస్తుంది. ఫోన్ నంబరు, ఐటమ్ కోడ్, రోల్ నంబరు, వీటిని ఎవరూ కూడరు, తీసెయ్యరు, కాబట్టి ఇవి సంఖ్యలు కావు, అక్షరాల్లాంటివి, ఆ మాట ఎక్సెల్‌కి ముందే చెప్పాలి. అంతే సంగతి.

కొత్త షీట్ అయితే పని చాలా తేలిక. ఏమీ కొట్టకముందే కాలమ్ పైనున్న అక్షరం మీద క్లిక్ చేసి మొత్తం కాలమ్ సెలెక్ట్ చెయ్యండి, Home లో General అని ఉన్న డబ్బా తెరిచి చివర్న Text ఎంచుకోండి, ఇక 08942123456 (ఉత్తుత్తి నంబరే, డయల్ చెయ్యకండి) కొడితే అలాగే ఉంటుంది. గూగుల్ షీట్స్‌లో అయితే Format, Number, Plain text. సెల్‌లో ఎడమ పక్కకి అంటుకుని కనపడితే టెక్స్ట్ అయినట్టు, కుడి పక్కకి జరిగితే ఇంకా సంఖ్యే. మూలన ఆకుపచ్చ త్రికోణం వస్తే కంగారుపడి Convert to Number నొక్కొద్దు, నొక్కారో సున్నా మళ్ళీ పోతుంది, Ignore Error నొక్కి వదిలెయ్యండి.

ఒక్కటి గుర్తుంచుకోండి, ముందు ఫార్మాట్, తర్వాత టైపింగ్. సున్నా పోయాక కాలమ్‌ని Text చేస్తే పోయిన సున్నా తిరిగి రాదు, అది ఫైల్లోనే లేదు కదా.

కొంతమంది ప్రతి నంబరు ముందు కొటేషన్ గుర్తు (') పెడతారు. పని చేస్తుంది, నాలుగు నంబర్లకి పర్లేదు, నాలుగొందలకి ఎక్కడో ఒకచోట మర్చిపోతారు. ఇంకొంతమంది Custom ఫార్మాట్‌లో 00000 అని పెట్టి సున్నా కనపడుతోంది కదా అని మురిసిపోతారు. అది పైపూత. లోపల ఉన్నది 457 అయితే తెర మీద 00457 చూపిస్తుంది, దాన్ని ఇంకో షీట్‌లో వెతకడానికి VLOOKUP చేస్తే మాత్రం లోపలున్న 457నే వెతుకుతుంది, అవతలి షీట్‌లో టెక్స్ట్‌గా 00457 ఉంటే `#N/A` వస్తుంది, అప్పుడు ఫార్ములా తప్పని గంటలు గంటలు తలబాదుకుంటారు. కోడ్ అంటే టెక్స్టే, నా దగ్గర ఇంకో మాట లేదు.

ఇప్పుడు అసలు గండం. సీఎస్‌వీ ఫైలు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచో ఏదైనా పోర్టల్ నుంచో లిస్టు దింపితే ఎక్కువగా .csv అని వస్తుంది. అందులో ఉండేవి అక్షరాలూ అంకెలూ కామాలే, ఏ కాలమ్ టెక్స్టో ఏది సంఖ్యో అన్న సమాచారం అందులో ఉండదు. దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరిచారా, చాలా వెర్షన్లలో మీ కంటికి కనపడకముందే ఎక్సెల్ సున్నాలన్నీ ఊడగొట్టేస్తుంది. అప్పటికి కూడా కొంప మునగలేదు, ఎందుకంటే డిస్క్ మీదున్న ఫైల్లో సున్నాలు ఇంకా ఉన్నాయి. ఎక్కడ మునుగుతుందంటే, అలవాటుగా కంట్రోల్ ఎస్ నొక్కుతారు చూడండి, అక్కడ. అసలు ఫైలు మీదే సున్నాలు లేని కాపీ పడిపోతుంది. ఆ మందుల ఏజెన్సీలో జరిగింది ఇదే, ఒక్క షాపు పేరులో అక్షరదోషం దిద్దుదామని తెరిచి సేవ్ చేశారు, ఎవరూ ముట్టుకోని ఫోన్ కాలమ్ మొత్తం పోయింది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. మీరు కాలమ్‌ని చక్కగా Text చేసి, అన్నీ సరిగ్గా కొట్టి, సీఎస్‌వీగా సేవ్ చేశారనుకోండి, సున్నాలు ఫైల్లోకి వెళ్తాయి, కానీ Text అన్న సంగతి వెళ్ళదు. మర్నాడు డబుల్ క్లిక్ చేస్తే మళ్ళీ మొదటికే. అందుకే పని చేసుకునే ఫైలు ఎప్పుడూ .xlsx లోనే ఉంచండి, ఎవరికైనా పంపాల్సి వస్తే అప్పుడు సీఎస్‌వీ తీసి పంపండి, పంపాక దాన్ని మళ్ళీ తెరవకండి. సరిగ్గా ఉందో లేదో చూడాలంటే నోట్‌ప్యాడ్‌లో తెరవండి, అది ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది.

మరి సీఎస్‌వీని ఎక్సెల్‌లోకి ఎలా తేవాలి అంటే, ఖాళీ షీట్ తెరిచి Data లో From Text/CSV నొక్కి ఫైలు చూపించండి. ఒక ప్రివ్యూ కిటికీ వస్తుంది, అందులో Data Type Detection దగ్గర Do not detect data types ఎంచుకోండి. వెంటనే ప్రివ్యూలో సున్నాలు కనపడాలి, కనపడకపోతే Load నొక్కొద్దు, అక్కడే ఆగి నోట్‌ప్యాడ్‌లో చూడండి, బహుశా ఫైలు అప్పటికే పాడై ఉంటుంది. ఇలా తెస్తే హెడింగులు మామూలు వరసలా కిందకి వచ్చి పైన Column1, Column2 అని పడొచ్చు, అది పెద్ద విషయం కాదు, దిద్దుకోండి. మొత్తాలు, ధరలు ఉన్న కాలమ్‌లు కూడా టెక్స్ట్ అయిపోతాయి, వాటిని తర్వాత సంఖ్యలుగా మార్చుకోవచ్చు, ఏమీ పోదు. లోడ్ అయ్యాక నేనైతే ఫోన్ కాలమ్‌ని ఇంకోసారి Text చేస్తాను.

తెచ్చాక, ఫోన్ నంబర్లు B కాలమ్‌లో ఉన్నాయనుకుంటే, ఇది ఒక ఖాళీ సెల్‌లో వేసి చూడండి.

```
=COUNT(B2:B200)
```

COUNT సంఖ్యల్ని మాత్రమే లెక్కపెడుతుంది, కాబట్టి ఫోన్ కాలమ్‌కి జవాబు 0 రావాలి. 3 వస్తే మూడు సెల్స్ ఇంకా సంఖ్యలుగా ఉన్నట్టు, సాధారణంగా ఎవరో వేరే షీట్ నుంచి కాపీ కొట్టి అతికించినవి, ఎందుకంటే మామూలుగా పేస్ట్ చేస్తే పాత షీట్ ఫార్మాట్ కూడా వెంట వస్తుంది.

ఇప్పటికే పోయినవాటి సంగతి. కోడ్‌లన్నీ ఒకే పొడవు అని ఖాయంగా తెలిస్తే, ఉదాహరణకి ఐటమ్ కోడ్‌లన్నీ ఐదంకెలైతే, పక్క కాలమ్‌లో ఇది వేసి కిందిదాకా లాగండి:

```
=TEXT(A2,"00000")
```

457 కాస్తా 00457 అవుతుంది. తర్వాత అది కాపీ చేసి, Paste Special లో Values గా అతికించి, అప్పుడు పాత కాలమ్ తీసెయ్యండి. ఈ వరస తప్పి ముందే పాతది తీసేస్తే ఫార్ములాలన్నీ `#REF!` అంటాయి.

కోడ్‌ల పొడవు ఒకటి కాకపోతే ఈ వైద్యం పనికిరాదు. 0457, 00457 రెండు వేరు వేరు మందులైతే రెండూ 457 అయిపోయాయి, ఏది ఏదో ఏ ఫార్ములా చెప్పలేదు. ఫోన్ల కాలమ్ కూడా అంతే, సెల్ నంబర్లు, ల్యాండ్‌లైన్లు కలిసి ఉంటే అందరికీ ముందు సున్నా అంటించెయ్యకండి. 8942తో, 8922తో మొదలైనవాటిని ఫిల్టర్ చేసి పక్కన పెట్టుకుని పాత బిల్లులతో ఒక్కొక్కటీ సరిచూసుకోవాలి, ఆ అంకెలతో నిజంగా సెల్ నంబరు కూడా ఉండొచ్చు. ఆ కుర్రాడి చేత అలాగే చేయించాను, ముందు గొణిగాడు గానీ పోర్టల్‌లో పాత లిస్టు మళ్ళీ దింపుకోవచ్చని తెలిశాక బిల్లుల కట్ట పక్కన పడేసి అదే దింపాడు, ఈసారి From Text/CSV లోంచి.