తిన్నాక పరుగెత్తితే డొక్కలో పోటు

సాయంత్రం టిఫిన్ చేసి నెక్లెస్ రోడ్డు మీద పరుగు మొదలుపెడితే, కిలోమీటరు దాటకముందే పక్కటెముకల కింద సూదితో పొడిచినట్టు పోటు, పైగా కడుపులో తిప్పడం.

పరుగులో రక్తం ఎక్కువగా కాళ్ల కండరాలకు మళ్లుతుంది, పొట్టకు తగ్గుతుంది. లోపలి తిండి అరగక అక్కడే ఊగుతుంటే వికారం. పోటేమో, నిండిన పొట్ట కదిలి, ఉదరం గోడకు లోపలివైపు ఉండే పొర ఒరుసుకోవడం వల్లనని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం.

అందుకే ఏడింటికి పరుగైతే భోజనం నాలుగింటికల్లా ముగించాలి. ఆకలేస్తే ఆరింటికి ఒక అరటిపండు, లేదా రెండు ఇడ్లీలు, చట్నీ కొంచెమే. మిర్చి బజ్జీ, పూరీ వద్దు. నూనె తిండి పొట్టలోంచి ఆలస్యంగా కదులుతుంది. చెరకు రసం, కూల్ డ్రింక్ కూడా అంతే, వాటి తీపి పోటును పెంచుతుంది. నీళ్లు ఒకేసారి గ్లాసుడు కాకుండా రెండేసి గుక్కలు.

పోటు వచ్చేసిందా? నడకకు దిగండి. నొప్పి ఉన్నచోట వేళ్లతో గట్టిగా నొక్కి, కాస్త ముందుకు వంగి, పెదాలు బిగించి నెమ్మదిగా ఊపిరి వదలండి. మామూలుగా కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది.

ఆగి కూర్చున్నా తగ్గకపోయినా, ఛాతీ బరువెక్కినా, చెమటలతో నొప్పి చేతికో దవడకో పాకినా ఈ చిట్కా పనికిరాదు. అది డొక్క పోటు కాకపోవచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.