పగిలిన బకెట్ అతికించే ముందు

హన్మకొండలో చలి మొదలైతే హీటర్ రాడ్లు బయటికొస్తాయి, వాటి వెంటే అటక మీది పగిలిన బకెట్లూ.

– అతుకేసిన బకెట్‌లో రాడ్ పెట్టొద్దు. వేడికి అతుకు వదిలి నీళ్లు కారిపోతే, రాడ్ ఉత్తగా కాలి ప్లాస్టిక్ అంటుకుంటుంది. అలాంటి బకెట్‌ను బట్టలు నానబెట్టడానికే ఉంచండి.

– బకెట్ అడుగున త్రికోణంలో అంకె చూడండి, అది ప్లాస్టిక్ రకం చెబుతుంది. 2 గానీ 5 గానీ ఉంటే (బకెట్లు ఎక్కువగా ఇవే) గమ్ము, ఎపాక్సీ ముద్ద పట్టవు. మా ఇంట్లో రాయిలా గట్టిపడ్డ ముద్ద రెండో రోజు చెంచా తగిలితే బిళ్లలా ఊడొచ్చింది.

– వాటికి నిలిచేది వేడి అతుకే. ముందు పగులు రెండు కొనల్లో 3 మి.మీ. రంధ్రం వేయండి, లేకుంటే పగులు ఇంకా పాకుతుంది. అదే అంకె ఉన్న పాత మూత ముక్కను సోల్డరింగ్ ఐరన్‌తో పగులులోకి, రంధ్రాల్లోకి కరిగించండి, లోపలా బయటా. 2కి 5 అతకదు. పొగ వస్తుంది, ఆరుబయట చేయండి.

– గీరితే తెల్లపొడి రాలుతోందా? ఎండకు పెళుసైంది, అతుకు పక్కనే మళ్లీ పగులుతుంది. పాత సామాన్లవాళ్లకు ఇచ్చేయండి.

– నింపి, రాత్రంతా పాత పేపర్ మీద ఉంచండి. తడి మరక కనిపిస్తే ఇంకోసారి కరిగించాలి.