సెక్షన్లు కదపనివ్వని బడిలో స్టడీ: ఏ డిజైన్ ఎంచుకోవాలి?

ఎంఎడ్ డిసర్టేషన్లలో తరచూ కనిపించే ప్లాన్ ఇది: ఎనిమిదో తరగతి ఎ సెక్షన్‌కి కాన్సెప్ట్ మ్యాప్‌లతో సైన్స్ చెప్పి, బి సెక్షన్‌కి మామూలుగా చెప్పి, చివర్లో మార్కులు పోల్చడం. పిల్లల్ని చీటీలు తీసి కొత్తగా విడదీస్తామంటే హెడ్‌మాస్టర్ ఒప్పుకోరు. మరి డిజైన్ ఎలా తేల్చుకోవాలి?

ముందు, పిల్లల్ని కాకుండా బడుల్నే లాటరీ తీయగలరేమో చూడండి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల బోనస్ మీద చేసిన అధ్యయనంలో అదే చేశారు: 300 గ్రామీణ ప్రభుత్వ బడుల్ని లాటరీతో మూడు గుంపులు చేశారు, ఏ తరగతినీ చెదరగొట్టలేదు. "మా బడికి ఎందుకు రాలేదు" అని అడిగేవాళ్లకి కొత్త పద్ధతిని వచ్చే టర్మ్‌లో ఇస్తామని చెబితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

మీ చేతిలో రెండు సెక్షన్లే ఉంటే మాత్రం లాటరీ పనికిరాదు. బొమ్మా బొరుసూ వేసి ఎ సెక్షన్‌ని ఎంచుకున్నా, ఆ సెక్షన్ టీచరు, పీరియడ్ వేళ, పిల్లల మధ్య ఉండే పోటీ అన్నీ మీ పద్ధతితో కలిసిపోతాయి, దేనివల్ల మార్కులు పెరిగాయో విడదీయలేరు. పైగా ఒకే గదిలో చదివే పిల్లల మార్కులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. ఆ పోలిక (ఐసీసీ) 0.2 అనుకుంటే, సెక్షన్‌కి 40 మంది చొప్పున లెక్క ఇలా వస్తుంది:

```
1 + (40 - 1) × 0.2 = 8.8
80 / 8.8 ≈ 9
```

అంటే 80 మంది పిల్లలు విడివిడిగా ఎంచుకున్న 9 మంది ఇచ్చేంత సమాచారమే ఇస్తారు. ఇది తెలియక మామూలు టీ-టెస్ట్ చేస్తే లేని తేడా కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

కాబట్టి ఇక్కడ లాటరీ లేకుండా, ఉన్న సెక్షన్లనే పోల్చే క్వాసీ-ఎక్స్‌పెరిమెంటల్ డిజైనే సరి. అందులో అసలు పనంతా పోల్చే సెక్షన్‌ని ఎంచుకోవడంలోనే ఉంది. సెక్షన్లు ఎలా ఏర్పడ్డాయో ఆఫీసులో అడగండి. మార్కుల ప్రకారమో మీడియం ప్రకారమో విడదీసి ఉంటే ఆ జంటను వదిలేయండి. తర్వాత రెండు సెక్షన్లకీ ప్రీటెస్ట్ పెట్టండి. ఎ సగటు 12.1, బి సగటు 14, ప్రామాణిక విచలనం 5 వచ్చిందనుకుందాం. తేడా 1.9ని 5తో భాగిస్తే 0.38. అమెరికాలో విద్యా పరిశోధనల నాణ్యతను పరిశీలించే వాట్ వర్క్స్ క్లియరింగ్‌హౌస్ పెట్టుకున్న హద్దు 0.25, అది దాటితే గణాంకాలతో సర్దినా ఆ గుంపుల్ని సమానంగా ఒప్పుకోరు. ప్రీటెస్ట్ తేడాను లెక్కలో సర్దే ఏఎన్‌కోవా చేస్తే సరిపోతుందిలే అనుకోకుండా పక్క బడిలో ఇంకో సెక్షన్ వెతకండి, వీలైతే పోల్చడానికి రెండు మూడు సెక్షన్లు తీసుకోండి.

బాగా వెనకబడ్డ సెక్షన్‌నే ఏరి దానికే కొత్త పద్ధతి ఇవ్వొద్దు. ఒక పరీక్షలో మరీ తక్కువ వచ్చినవాళ్లకి రెండోసారి ఏమీ చేయకపోయినా కాస్త పెరుగుతాయి, ఆ పెరుగుదల మీ ఖాతాలో పడిపోతుంది.

మెథడాలజీ అధ్యాయంలో "నాన్ ఈక్వివలెంట్ కంట్రోల్ గ్రూప్ డిజైన్" అని రాసి, సెక్షన్లు ఎలా ఏర్పడ్డాయో, ప్రీటెస్ట్ తేడా ఎంతో, మధ్యలో ఎంతమంది బడి మానేశారో ఒక పట్టికలో పెట్టండి.