వ్యాసం రాద్దాం – నాలుగో పాఠం: డ్రాఫ్టులోంచి అవుట్‌లైన్ పైకి తీయడం

పోయిన పాఠంలో ఆగకుండా డ్రాఫ్టు రాసేయమని చెప్పాను. రాసినవాళ్లు ఎక్కువమంది అడిగింది ఒకటే: "పేజీలైతే నిండాయి సార్, కానీ చదువుకుంటే ఏం చెబుతున్నానో నాకే అర్థం కావట్లేదు." అక్కడి నుంచి చేయాల్సిన పని ఈ పాఠంలో నేర్చుకుందాం. దీన్ని రివర్స్ అవుట్‌లైన్ అంటారు. మామూలు అవుట్‌లైన్ రాయబోయే ముందు వేసుకుంటాం. ఇది రాసేశాక, రాసినదాన్ని చూసి వేస్తాం. మనం చెప్పాలనుకున్నది ఎంత, కాగితం మీదకు నిజంగా వచ్చింది ఎంత అనేది అందులో బయటపడుతుంది.

ఒక డ్రాఫ్టు దగ్గర పెట్టుకుని పని చేద్దాం. విజయవాడ సింగ్ నగర్‌లో ఉండే డిగ్రీ చదివే అమ్మాయి రాసింది. అంశం 2024 సెప్టెంబరు వరద. మొత్తం తొమ్మిది పేరాలు. భాష బాగుంది, చూసినవన్నీ ఉన్నాయి, కానీ వ్యాసం ఎటు పోతుందో తెలియదు. మొదటి పేజీ చివర ఆమె మూలవాక్యం, అంటే వ్యాసం మొత్తం కలిసి నిరూపించాల్సిన మాట, ఇలా ఉంది: "2024లో వచ్చిన వరద వల్ల విజయవాడ ప్రజలు ఎన్నో కష్టాలు పడ్డారు."

ముందు పేరాలకు నంబర్లు వేయండి. తర్వాత ఒక్కో పేరా చదివి, దాన్ని చేత్తో మూసేసి, ఆ పేరా ఏం చెప్పిందో మార్జిన్‌లో ఒక్క వాక్యంగా రాయండి. మూసి రాయమనడానికి కారణం ఉంది. తెరిచి పెట్టుకుంటే అందులోని మంచి వాక్యాన్నే ఎత్తి రాసేస్తాం. మూసేస్తే గుర్తున్నదే రాస్తాం, గుర్తున్నదే చదివినవాళ్లకు చేరేది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నాలుగో పేరా పక్కన ఆ అమ్మాయి "కృష్ణా వరద గురించి" అని రాసింది. "గురించి" అనే మాట మార్జిన్‌లో కనబడితే కొట్టేయండి. అది అంశం పేరు మాత్రమే చెబుతుంది, పేరా చెప్పిన మాట చెప్పదు. క్రియ ఉన్న పూర్తి వాక్యం రావాలి. మళ్లీ రాయమంటే ఇలా రాసింది: "కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది, ప్రకాశం బ్యారేజీకి పడవలు గుద్దుకున్నాయి, ఇంకా నది నిండుగా ఉండటంతో బుడమేరు మళ్లింపు కాలువ నీరు అందులోకి సరిగ్గా దిగలేదు." ఆ "ఇంకా" దగ్గర ఆగండి. ఒక్క వాక్యంలో చెప్పడానికి "ఇంకా", "అలాగే", "మరోవైపు" అవసరమైతే ఆ పేరాలో రెండు పేరాలు ఉన్నట్టు. విడదీసి 4అ, 4ఆ అని గుర్తు పెట్టుకోండి.

ఆమె మార్జిన్ మొత్తం కలిపి చదివితే ఇదీ వరస. ఒకటో పేరా: బెజవాడ కృష్ణమ్మ ఒడిలో, కనకదుర్గమ్మ నీడలో పెరిగిన ఊరు. రెండో పేరా: కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. మూడు: సెప్టెంబరు 1న మా వీధిలోకి నీళ్లొచ్చాయి, చూస్తుండగానే వంటగదిలో గ్యాస్ పొయ్యి మునిగింది, డాబా మీదకి ఎక్కాం. నాలుగు పైన చూశాం. అయిదు: బుడమేరు కొల్లేరుకు పోయే వాగు, వెలగలేరు దగ్గర దాని వరదను మళ్లింపు కాలువలోకి తిప్పి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆరు: పడవల మీద, డ్రోన్ల మీద అన్నం పొట్లాలు, మంచినీళ్లు వచ్చాయి, నీళ్లు మాత్రం రోజుల తరబడి కదల్లేదు. ఏడు: మళ్లింపు కాలువ కట్టకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి, పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. ఎనిమిది: ఊళ్లో బుడమేరు దారి ఇళ్లతో, కట్టడాలతో ఇరుకైపోయింది. తొమ్మిది: అందరూ కలిసి పనిచేయాలి, నిజానికి మమ్మల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు.

తొమ్మిదో పేరాలోని చివరి ముక్క చూశారా? ఆమె చెప్పదలచుకున్నది అదే. డ్రాఫ్టు రాస్తూ రాస్తూ ఆలోచన తేలుతుంది కాబట్టి అసలు మూలవాక్యం ఆఖరి పేరాలో దొరకడం చాలా మామూలు. అందుకే ఏ పేరా కదిపే ముందైనా చివరి పేరా మార్జిన్ చూడమంటాను. మొదట రాసుకున్న "ఎన్నో కష్టాలు పడ్డారు" అనే వాక్యాన్ని ఎవరూ కాదనరు, కాబట్టి దాన్ని నిరూపించే పనే ఉండదు. దాని కింద ఏ పేరా పెట్టినా సరిపోతుంది, అందుకే అన్నీ వచ్చి చేరాయి. మార్చిన మూలవాక్యం ఇది: "2024 సెప్టెంబరులో సింగ్ నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, బుడమేరు, దాని కట్టలు గట్టిపరచి, ఊళ్లో దాని దారి విడిపించనంత కాలం ఈ ముంపు మళ్లీ వస్తుంది."

దీన్ని వేరే కాగితం మీద పైన రాసి, కింద మార్జిన్ వాక్యాలన్నీ ఎక్కించండి. ఒక్కో వాక్యం ఎదుట ఒకే ప్రశ్న వేయండి: ఈ పేరా తీసేస్తే మూలవాక్యాన్ని నమ్మడం కష్టమవుతుందా? అయిదు, ఏడు, ఎనిమిది తీస్తే వాదనే ఉండదు. ఒకటి, రెండు తీస్తే ఏమీ కాదు. రెండో పేరాకి లైబ్రరీలో కూర్చుని వివరాలు తెచ్చుకుంది, తీసేయడానికి ఆమెకి మనసొప్పలేదు. అర్థం చేసుకోగలను. కానీ ఆ పేరా నిలబెట్టేది కృష్ణను, ఈ వ్యాసం మాట్లాడేది బుడమేరు గురించి. తీసిన పేరాలను చెరిపేయకండి, వేరే ఫైల్లో దాచండి. బ్యారేజీ మీద ఇంకో వ్యాసం రాసేటప్పుడు అక్కరకొస్తాయి.

ఆరో పేరా దగ్గర కాస్త నిదానించాలి. సహాయం ఎలా అందిందన్నది ఈ వాదనకు పనికిరాదు. అందులోనే ఉన్న "నీళ్లు రోజుల తరబడి కదల్లేదు" అనే వాక్యం మాత్రం పనికొస్తుంది, ఎందుకంటే వచ్చిన నీటికి బయటికి పోయే దారి లేదని అది చూపిస్తుంది. ఆ ఒక్క వాక్యం ఎనిమిదో పేరాలోకి పోతుంది. పేరా పోయినా అందులోని సాక్ష్యం పోనక్కర్లేదు. తొందరపడి పేరాకి పేరా కొట్టేసేవాళ్లు పోగొట్టుకునేది ఇలాంటి వాక్యాలనే.

ఇక వరస. ఏ పేరా అర్థం కావాలంటే ముందు ఏది తెలిసి ఉండాలో చూడండి. గండ్ల మాట అర్థం కావాలంటే మళ్లింపు కాలువ ఏమిటో తెలియాలి, కాబట్టి అయిదు ముందు, ఏడు తర్వాత. కృష్ణ నిండుగా ఉండి కాలువ నీరు దిగలేదన్న 4ఆ కూడా కాలువ పరిచయమయ్యాకే రావాలి, గండ్లకు ముందు. డ్రాఫ్టులో అది కాలువ పేరే తెలియకముందు వచ్చేసింది, చదివేవాళ్లు అక్కడ తికమకపడేది అందుకే.

4అ సంగతి నాకు బాగా నచ్చింది. మొదట అది తీసేయాల్సినదే అనిపిస్తుంది. కానీ ఆ రోజుల్లో టీవీల్లో పదేపదే చూపించింది బ్యారేజీనే, చదివేవాళ్ల మనసులో ఉన్నదీ కృష్ణే. అంటే మన మూలవాక్యానికి ఎదురు వాదన అదే. దాన్ని మూడో పేరా పక్కన పెట్టి చూడండి. సింగ్ నగర్‌లోకి నీళ్లొచ్చింది సెప్టెంబరు 1న. బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది 2న. పైగా నదికీ సింగ్ నగర్‌కీ మధ్య వన్‌టౌన్, రైల్వే స్టేషన్ ఉన్నాయి. ఈ తేదీలు రెండూ డ్రాఫ్టులో ముందునుంచీ ఉన్నాయి, వేరువేరు పేరాల్లో ఉండి ఒకదానితో ఒకటి మాట్లాడుకోలేదు. పక్కపక్కకి రాగానే వాదనలో బలమైన ముక్క అదే అయింది.

చివరికి వచ్చిన వరస: 3, దాని చివర మూలవాక్యం, తర్వాత 4అ, 5, 4ఆ, 7, 8, చివరగా కోసి తగ్గించిన 9. మూడో పేరా ముందుకు రావడం వల్ల గ్యాస్ పొయ్యి మునిగిన వంటగదితో వ్యాసం మొదలవుతుంది, ఒకటో పేరా పొగడ్తల కంటే అది ఎంతో నయం.

చేతిరాత అయితే జిరాక్స్ తీసి, పేరాలను కత్తిరించి, బల్ల మీద జరపండి. వర్డ్‌లో అయితే ముందు ఫైలు కాపీ ఒకటి దాచి, పేరాలో కర్సర్ పెట్టి `Alt+Shift+↑` లేదా `Alt+Shift+↓` నొక్కితే పేరా మొత్తం కదులుతుంది.

కదిపిన వెంటనే అతుకులు తెగుతాయి. ప్రతి పేరా మొదటి వాక్యంలో "ఆ", "ఈ", "అందుకే", "అంతేకాక", "పైన చెప్పినట్టు" ఎక్కడున్నాయో వెతకండి. అవి పాత వరసలో ముందున్న పేరాను పట్టుకుని ఉంటాయి. ఎనిమిదో పేరా డ్రాఫ్టులో ఇలా మొదలైంది: "అంతేకాక, బుడమేరు ఇరుకైపోయింది." దాని ముందున్నది ఇప్పుడూ గండ్ల పేరానే, కానీ "అంతేకాక" ఆ రెంటికీ ఉన్న పొత్తు చెప్పదు, కాబట్టి ఇలా ఉండాలి: "గండ్లలోంచి వచ్చిన నీరు ఊళ్లోంచి త్వరగా బయటికి పోయినా ఇంత నష్టం ఉండేది కాదు, కానీ ఊళ్లో బుడమేరు దారి ఇరుకైపోయింది." మొదటి సగం వెనకటి పేరాను అందుకుంది, రెండో సగం కొత్త మాట చెప్పింది. అలాగే ఒక పేరు మొదటిసారి ఎక్కడ వస్తుందో చూసుకోండి. పాత వరసలో వెలగలేరు ఎక్కడుందో వివరించిన పేరా ఇప్పుడు వెనక్కి పోయి ఉంటే, ఆ వివరణ కూడా పేరుతోపాటు కదలాలి.

సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవాలంటే మూలవాక్యం, ఒక్కో పేరా మొదటి వాక్యం, ఇవి మాత్రమే వరసగా చదివి వినిపించండి. వ్యాసం చదవని మనిషికి వాదన అందాలి. ఎక్కడైనా "అదెందుకు చెప్పావు?" అని అడిగితే ఆ అతుకు ఇంకా కుదరలేదు.

ఒక్కోసారి కదపాల్సింది పేరాలు కాదు, మూలవాక్యమే. ఎక్కువ పేరాలు మూలవాక్యానికి దూరంగా ఉండి, వాటిలో వాటికి మాత్రం పొత్తు కుదిరితే, మీరు రాసింది వేరే వ్యాసం. ఈ అమ్మాయి డ్రాఫ్టులో ఆరో పేరా లాంటివి నాలుగైదు ఉండి ఉంటే, ఇరుగుపొరుగు ఒకరినొకరు ఎలా కాపాడుకున్నారన్నదే మూలవాక్యం చేసుకోమని చెప్పేవాణ్ణి. ఇంకో మాట, గ్రూప్-1 మెయిన్స్ లాంటి పరీక్ష హాల్లో దీనికి టైం ఉండదు. ఇంట్లో రాసిన వ్యాసాల మీద చేస్తూ ఉంటే, హాల్లో రాయకముందు వేసుకునే అవుట్‌లైన్‌లోనే "గురించి" అనే మాటలు తగ్గుతాయి.

ఈ వారం పని: మీ డ్రాఫ్టు పేరాలకు నంబర్లు వేసి, మార్జిన్ వాక్యాలు రాసి, పాత వరస, కొత్త వరస రెండూ ఒకే కాగితం మీద పెట్టండి. తీసేసిన ప్రతి పేరా ఎదుట ఎందుకు తీశారో ఒక వాక్యం రాయండి. వచ్చే పాఠంలో ఆ కాగితం ముందు పెట్టుకుని, ఒక్కో పేరా లోపల వాక్యాల వరస చూద్దాం.