కొత్త దవడ పన్ను జివ్వుమంటోందా? సిమెంట్ నిలవడం లేదా?

సమస్య

నరసన్నపేట దగ్గర పల్లె నుంచి ఎనిమిదేళ్ల పాపని తీసుకొచ్చారు. కుండ నీళ్లు తాగినా కింది కుడి దవడ పట్టుకుంటోంది. ఆ వైపు బ్రష్ పోనివ్వదు. "చాక్లెట్లు తినీసి పుచ్చు పట్టించుకుంది డాక్టరు గారూ" అంది తల్లి. వేరేచోట వేయించిన సిమెంట్ మూడు నెలలకే ఊడిపోయిందట.

చూస్తే పాలపళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఆరేళ్లకు వచ్చే పెద్ద దవడ పన్ను మీద మాత్రం పసుపు-గోధుమ మచ్చ ఉంది, దాని అంచు గీత గీసినట్టు స్పష్టంగా కనబడుతోంది. ఒక మూల పెచ్చులా విరిగింది. ఎడమ దవడ పన్ను మీద, పైన ముందు పన్ను మీద మీగడ రంగు మచ్చలు. ఫ్లోరైడ్ నీళ్ల మచ్చలైతే అంచు తెలియకుండా, రెండు వైపులా ఒకేలా, చాలా పళ్ల మీద పాకి ఉంటాయి. ఇది అది కాదు, మోలార్ ఇన్సైజర్ హైపోమినరలైజేషన్, అంటే పెద్ద దవడ పళ్లలో, ముందు పళ్లలో ఖనిజం తక్కువై పుట్టే లోపం.

కారణం

ఈ పళ్ల గట్టి పైపొర, ఎనామెల్, పుట్టుక సమయం నుంచి మూడేళ్ల లోపు గట్టిపడుతుంది. ఆ రోజుల్లో ఏదో అడ్డుపడితే ఖనిజం తగ్గి, ప్రొటీన్ మిగిలి, ఎనామెల్ సుద్దలా గుల్లగా తయారవుతుంది. చిన్నతనపు జబ్బులతో సంబంధం కనబడుతోంది కానీ ఒక్క కారణం అంటూ లేదు. తల్లి తప్పేమీ లేదు. ఇప్పుడు కాల్షియం బిళ్లలు మింగించినా వచ్చేసిన పన్ను మారదు.

ఆ గుల్లలోంచి చలి, సూక్ష్మజీవులు లోపలికి దిగి నరం వాచి ఉంటుంది. అందుకే జివ్వుమంటుంది, మత్తు ఇంజెక్షన్ కూడా సరిగ్గా పట్టదు. నొప్పికి భయపడి పిల్ల తోమదు, తోమక పుచ్చు తోడవుతుంది.

పరిష్కారం

ముందు నరాన్ని చల్లబరచాలి. ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, విరిగిన మూలకి గ్లాస్ అయానమర్ సిమెంట్ వేశాను. ఇంట్లో గోరువెచ్చని నీళ్లతో, 1000 పీపీఎంకి తగ్గని ఫ్లోరైడ్ పేస్టుతో తోమమన్నాను. రెండు వారాలకి పాప చల్లనీళ్లు తాగగలిగింది.

పంటిరంగు కాంపోజిట్ వేయొచ్చు కదా అని అడుగుతారు. మచ్చ చిన్నదై, అంచులన్నీ మంచి ఎనామెల్ మీదకి వస్తేనే అది అతుక్కుంటుంది. పాత ఫిల్లింగ్ ఊడింది అందుకే: దాని అంచు గుల్ల మీద ఉంది. ఇక్కడ పన్ను మూడు వైపులా పాడయింది కాబట్టి స్టీల్ క్యాప్ పెట్టాను. అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ పన్నంతా కప్పి కాపాడుతుంది. పెద్దయ్యాక సిరామిక్ పెట్టుకోవచ్చు.

పన్ను మరీ శిథిలమైతే, ఎనిమిది-పదేళ్ల మధ్య ఎక్స్‌రేలో వెనక పన్ను వేరు ఎంత ఏర్పడిందో చూసి తీసేయడమూ ఒక దారే. వెనకది జరిగి ఆ చోటు పూడ్చొచ్చు. పళ్ల వరస చూసే ఆర్థోడాంటిస్టుని అడగకుండా పీకించొద్దు.

ఎడమ పన్నుకి మూడు నెలలకోసారి వార్నిష్ పూస్తున్నాను. ముందు పన్ను మచ్చని ఇప్పుడు ముట్టుకోలేదు. పాపకి అదేం పట్టలేదు, తల్లికే టెన్షన్.