చదువు అలవాటు, 3వ పాఠం: ఏ పనికి ముడివేయాలి?

పోయిన పాఠంలో రోజూ చేయాల్సిన చదువును అయిదు నిమిషాల పనికి కుదించుకున్నాం. ఇప్పుడు దాన్ని మీరు ఎలాగూ చేసే ఒక పనికి ముడివేద్దాం. ఆ పాత పనిని 'కొక్కెం' అని పిలుచుకుందాం.

"రాత్రి తొమ్మిదింటికి చదువుతాను" అనేది కొక్కెం కాదు. తొమ్మిదైందని గమనించాల్సింది మనమే. అలసిపోయిన రోజున ఆ ధ్యాసే ఉండదు. అలారం పెట్టుకోవచ్చు గానీ, అది మోగని రోజు చదువూ ఉండదు. ఒక పని ముగియడం మాత్రం చేతికి తెలుస్తుంది, కంటికి కనిపిస్తుంది.

నేను కొత్త భాష నేర్చుకునేటప్పుడు "భోజనం అయ్యాక పది పదాలు" అని రాసుకున్నాను. రెండు వారాల్లో నాలుగు రోజులే కుదిరింది. తప్పు బద్ధకానిది కాదు, ఆ వాక్యానిది. భోజనం ఎప్పుడు అయినట్టు? తినడం ఆపినప్పుడా, కబుర్లు ముగిశాకా? చివరికి ఇలా మార్చాను: "కడిగిన కంచం స్టాండులో పెట్టగానే, పక్కనున్న పదాల కార్డులు తీస్తాను." కార్డులను గదిలోంచి తెచ్చి స్టాండు పక్కనే ఉంచాను. పదిని అయిదు చేశాను. ఆ తర్వాతి రెండు వారాల్లో తప్పింది రెండే రోజులు, రెండుసార్లూ బయట తిన్నప్పుడే. అంటే కొక్కెం లేని రోజున అలవాటూ జారిపోతుంది. అలాంటి రోజుల కోసం ఇంకో కొక్కెం వెతక్కండి, రెండు ముళ్లు వేస్తే రెండూ వదులవుతాయి.

కొక్కెం ఎంచుకునేటప్పుడు దాని తర్వాతి నిమిషం ఖాళీగా ఉందో లేదో తప్పక చూడండి. చాలామంది తడబడేది ఇక్కడే. ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టడం రోజూ జరిగేదే అయినా, ఆ వెంటనే చెయ్యి మళ్లీ ఫోన్ మీదికే పోతుందంటే ఆ చోటు ఇప్పటికే నిండిపోయింది.

ఎన్నాళ్లు పడుతుంది? లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. పని దాదాపు అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని ఆ లెక్కల నుంచి అంచనా వేశారు. అక్కడివి నీళ్లు తాగడం, పండు తినడం లాంటి పనులు. చదువుకు ఇంతే పడుతుందని నేను చెప్పను. ఒక్క రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదని కూడా వాళ్లు గమనించారు.

ఒక పరిమితి ఉంది. అలవాటు మిమ్మల్ని కార్డు తీసేదాకానే తీసుకెళ్తుంది. పదం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నం ఎప్పటికీ కావాలి. అందుకే "ఇంకా కష్టంగానే ఉంది, అలవాటు కాలేదు" అనుకోకండి. చూడాల్సింది మొదటి కదలికను.

ఈ వారం కార్డుల పక్కన ఒక కాగితం ఉంచండి. గుర్తుచేసుకుని మొదలుపెట్టిన రోజు 'గు', చెయ్యి దానంతటదే వెళ్లిన రోజు 'చె' అని రాయండి. ఏడు రోజులూ 'గు'లే వచ్చినా కొక్కెం మార్చకండి. ఏమీ రాయని ఖాళీలు మూడు దాటితేనే మార్చండి. ఆ కాగితంతోనే నాలుగో పాఠం మొదలుపెడదాం.