పాత కెంపుల నగ వయసును గుర్తించడం ఎలా?

నగ వయసు అడిగితే చాలామంది ముందువైపు చూసి, నల్లబారిన గాళ్లను చూపించి, వందేళ్లు దాటిందని తేల్చేస్తారు. బంగారం కాలం గడిచినందువల్ల అలా నల్లబడదు. ఆ నలుపు నూనె, చెమట, దుమ్ము కలిసిన మురికి అయినా కావాలి, లేదా ఈ మధ్య దుకాణాల్లో ‘యాంటిక్ ఫినిష్’ పేరుతో పూసిన రంగైనా కావాలి. అందుకే ఈ వ్యాసంలో ముందువైపు గురించి తక్కువగానూ, వెనకవైపు గురించి ఎక్కువగానూ చెబుతాను. ఉదాహరణకు మన ఇళ్లలో తరచుగా కనిపించే కెంపుల అడ్డిగను, అంటే మెడకు పెట్టుకునే బిళ్లల హారాన్ని, తీసుకుంటున్నాను.

పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, చిన్న టార్చి, గీటురాయి, తెల్లటి నూలుగుడ్డ ఉంటే చాలు. ఇరవై రెట్ల భూతద్దం కొనవద్దు. దానితో చూస్తే ప్రతి గీతా పెద్ద రహస్యంలా కనిపించి బుర్ర చెడుతుంది. ఉదయపు వెలుతురులో, కిటికీ పక్కన కూర్చుని చూడాలి. పరీక్ష పూర్తయ్యేదాకా నగను కడగకూడదు. కుందనపు పనిలో రాళ్ల కింద లక్క, దాని మీద మెరుపు రేకు ఉంటాయి కనుక నీళ్లు లోపలికి దిగితే రాయి మసకబారుతుంది. వేడినీళ్లలో నానబెట్టి తెచ్చిన నగలను నేను చాలా చూశాను, వాటిలో ఒక్కటి కూడా మునుపటిలా లేదు.

ముందుగా నగను బోర్లించండి. వెనక రేకును సుత్తితో సాగగొట్టి చేసి ఉంటే దాని మందం అంతటా ఒకేలా ఉండదు, ఏటవాలు వెలుతురులో చిన్న ఎగుడుదిగుళ్లు కనిపిస్తాయి. రోలింగ్ మిషన్‌లో తీసిన రేకు అద్దంలా సమంగా ఉంటుంది. తర్వాత బిళ్లలను కలిపే కడియాలను చూడాలి. నిజంగా ఏళ్ల తరబడి వాడిన నగలో లోహం లోహానికి రాసుకునే చోటే, అంటే కడియం లోపలి అంచులోనే, అరుగుదల కనిపిస్తుంది. ఎవరో పాతదానిలా చేసిన నగలో గీతలు ఎత్తుల మీద, పల్లాల మీద, ఎవరి చేయీ తగలని మూలల్లో కూడా ఒకే తీరుగా ఉంటాయి. బిళ్లలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండి, గాళ్లలో సూదిమొనంత గుంటలు కనిపిస్తే అది పోత పోసిన నగ అని అనుమానించాలి.

ఇక రాళ్లు. చేతితో చెక్కిన పాత కెంపులు ఒకదానితో ఒకటి కొలతకు సరిపోవు. ఒకటి కాస్త గుండ్రంగా, మరొకటి కాస్త కోలగా ఉంటుంది, కొన్నిటికి ముఖాలే ఉండవు, పైన గుమ్మటంలా నున్నగా మాత్రమే ఉంటాయి. పనివాడు రాయిని గూటికి తగ్గట్టు కోయలేదు, రాయికి తగ్గట్టు గూటిని మలిచాడు. కాబట్టి రాళ్లు తేడాగా ఉన్నా వాటి గూళ్లు అందంగా సరిపోయి ఉండటం మంచి గుర్తు. రాళ్లన్నీ ఒకే కొలతకు కోసి ఉంటే మిషన్ కోత అని భావించవచ్చు.

ఇక్కడ కాలాన్ని తేల్చే గట్టి ఆధారం ఒకటి ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన వెర్నోయ్ అనే రసాయన శాస్త్రవేత్త మంట కింద కెంపును తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు. ఆ పద్ధతిలో పుట్టిన కెంపులో భూతద్దం కింద గుండ్రటి గాలిబుడగలు, గ్రామఫోన్ రికార్డు మీది గాళ్లలా వంపు తిరిగిన సన్నటి గీతలు కనిపించవచ్చు. సహజమైన కెంపులో గీతలు ఉంటే తిన్నగా, కోణాలు తిరిగి ఉంటాయి, వంపు తిరగవు. అలాంటి కృత్రిమ కెంపు నగలో ఉంటే ఆ రాయిని 1902 తర్వాతే పొదిగారని చెప్పవచ్చు. అయితే వెనక మూసిన గూటిలో వెలుతురు రాయి గుండా పోదు కాబట్టి వంపు గీతలు దొరకడం కష్టం, బుడగల కోసమే ఎక్కువగా వెతకాలి. మరో పొరపాటు కూడా చూస్తుంటాను. రాయి అంచులు బాగా అరిగి ఉంటే పాత కెంపు అని సంబరపడతారు. కెంపు చాలా గట్టిది, మామూలుగా నగల్లో వాడే సహజ రాళ్లలో వజ్రం ఒక్కటే దానికన్నా గట్టిగా ఉంటుంది. అంచులన్నీ మొద్దుబారిపోతే అది గాజు అయ్యే అవకాశమే ఎక్కువ.

పొదుగుడు విషయానికి వస్తే, అసలైన కుందనంలో మేలిమి బంగారపు సన్నటి రేకును రాయి చుట్టూ మంట లేకుండా, పనిముట్టుతో నొక్కి అతికిస్తారు. ఆ అంచు మెత్తని పెదవిలా రాయి మీదికి వంగి, నొక్కిన ఆనవాళ్లతో ఉంటుంది. జిగురుతో అంటించిన నకిలీలో అంచుకు, రాయికి మధ్య సన్నటి మెరిసే గీత కనిపిస్తుంది. ఒక గూడు మిగతా వాటికన్నా మరీ కొత్తగా, పసుపుగా మెరుస్తుంటే ఆ రాయిని ఎప్పుడో మార్చారని అర్థం. మరమ్మతు తప్పేమీ కాదు, కానీ ఆ గూటిని చూసి నగ వయసు చెప్పకూడదు.

కొక్కేన్ని చూడటం సులువు. పాత అడ్డిగలకు రెండు చివరల వలయాలు మాత్రమే ఉండేవి, వాటిలోకి పట్టుతాడు దూర్చి మెడ వెనక ముడివేసేవారు. చేతితో వంచిన ఎస్ ఆకారపు కొక్కెం కూడా పాతదే కావచ్చు. లోపల స్ప్రింగు ఉన్న గుండ్రటి కొక్కెం 20వ శతాబ్దపుది, ఎండ్రకాయ గిట్టలా తెరుచుకునేది ఇంకా ఇటీవలిది. కానీ నగలో అన్నిటికన్నా ముందు అరిగి, ముందు మార్చబడేది కొక్కెమే. దాని వయసు దానిదే.

ఇప్పుడు అసలు కష్టమైన పనికి వద్దాం. గీటు పెట్టడం, అంటే నగను గీటురాయి మీద గీసి బంగారం వన్నె తేల్చడం, చేతకాక నగలు పాడుచేసుకున్నవారు, అంతకన్నా ఎక్కువగా తప్పు అభిప్రాయాలు ఏర్పరచుకున్నవారు చాలామంది ఉన్నారు. ఆమ్లాన్ని నగ మీద చుక్కగా వేసి చూసే పద్ధతిని నేను ఒప్పుకోను. ఆమ్లం గీటురాయి మీద ఉన్న గీటును మాత్రమే తాకాలి. చేతులకు తొడుగులు, గాలి ఆడే గది, పక్కన నీళ్ల పాత్ర తప్పనిసరి. అలవాటు లేనివాళ్లు నగను నమ్మకమైన కంసాలి దగ్గరికి తీసుకెళ్లి, కింద చెప్పిన చోట్ల గీటు పెట్టమని అడగడమే మేలు.

మొదటి జాగ్రత్త, ఎక్కడ గీటు పెట్టాలి అన్నది. గూటి అంచున పెడితే అక్కడ ఉన్నది కుందనపు మేలిమి రేకు, కాబట్టి నగ మొత్తం మేలిమి అనిపిస్తుంది. బంగారం వన్నెను కొలిచే ఎక్స్‌రే యంత్రం కూడా ఇదే పొరపాటు చేస్తుంది. అది పైపొరను మాత్రమే చదువుతుంది. కుందనపు అంచు మీద పెడితే 24 క్యారెట్లకు దగ్గరగా, మందపాటి పూత మీద పెడితే ఆ పూతనే చూపిస్తుంది. యంత్రం ఇచ్చిన కాగితం పట్టుకుని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. కాగితం అబద్ధం చెప్పలేదు, వాళ్లు అడగకూడని చోట అడిగారు. గీటును వెనక రేకు అంచున, ఒకసారి, ఎవరికీ కనిపించని చోట పెట్టాలి.

రెండో జాగ్రత్త, మొదటి గీటును నమ్మకూడదు. నగకు మెరుగు పెట్టేటప్పుడు ఆమ్లాలు పైపొరలోని రాగిని కరిగిస్తాయి, పైన బంగారం పాలు ఎక్కువగా మిగులుతుంది. ఆ పైపొర గీటు లోపలి వన్నె కన్నా ఎక్కువ చూపిస్తుంది. అదే చోట రెండోసారి గీసి, ఆ రెండో గీటునే లెక్కలోకి తీసుకోవాలి. దాని పక్కనే 18, 20, 22 క్యారెట్ల బంగారపు మొనలున్న పోలిక సూదులతో రెండేసి సెంటీమీటర్ల గీట్లు పెట్టాలి. ముందు ఆమ్లం లేకుండా రంగులను పోల్చాలి. తర్వాత గాజుకడ్డీతో ఆమ్లాన్ని అన్ని గీట్లకు అడ్డంగా ఒకేసారి పూసి, నగ గీటు ఏ సూది గీటుతో సమంగా నిలుస్తుందో చూడాలి. ఇత్తడి గీటు నత్రికామ్లంలో ఆకుపచ్చగా పొంగి మాయమవుతుంది. కానీ 18 క్యారెట్లు, ఆపైన ఉన్న గీట్లను ఉత్త నత్రికామ్లం వేరు చేయలేదు, వాటికి ఉదజహరికామ్లం కొద్దిగా కలిసిన ద్రావణం కావాలి. ఆ ద్రావణం నిల్వ ఉంటే బలం తగ్గుతుంది. అందుకే సూది గీటు పక్కన లేకుండా ఒంటరి గీటును చదవడం నా దృష్టిలో పరీక్షే కాదు. ఎంత అలవాటు ఉన్నా ఒక క్యారెట్ అటూ ఇటూ తేడా వస్తుందని ఒప్పుకోవాలి.

మూడో జాగ్రత్త, వన్నె ఒక్కదాన్నే చూసి వయసు చెప్పకూడదు. పాత నగలన్నీ పదహారు వన్నె, అంటే మేలిమి, బంగారమని మన ఇళ్లలో చెప్పుకునే మాట పూర్తిగా నిజం కాదు. తక్కువ వన్నె అంటే కొత్తదనీ కాదు. అయితే ఒక చిన్న ఆధారం ఉంది. 1963లో బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన కొత్త నగలు చేయకూడదని ఆదేశించాయి, ఆ పరిమితిని కొన్నేళ్లకే తొలగించారు. సంప్రదాయపు నగలో బంగారమంతా 14 క్యారెట్లే తేలితే ఆ రోజులు గుర్తుకు తెచ్చుకోవచ్చు, రుజువుగా మాత్రం కాదు. వన్నె కన్నా అతుకు ఎక్కువ చెబుతుంది. పాత కంసాలులు బంగారంలో రాగి, వెండి ఎక్కువ కలిపి, ముందుగా కరిగే అతుకు లోహాన్ని వాడేవారు. అతుకు చోట పాలిపోయిన రంగు గీత కనిపిస్తుంది, అక్కడ గీటు తక్కువ వన్నె చూపిస్తుంది. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో వ్యాపించిన కేడీఎం, అంటే కాడ్మియంతో చేసిన అతుకు, నగ రంగులోనే కలిసిపోతుంది.

ఒక కుటుంబం వాళ్లు నూట ఇరవై ఏళ్లదని నమ్మి తెచ్చిన అడ్డిగను పై క్రమంలోనే పరీక్షించాను. పదిహేడు బిళ్లలు, మధ్యలో ఒక పతకం. బిళ్లల వెనక రేకు మందం అసమానంగా ఉంది, కడియాల లోపలి అంచులు సగానికి అరిగాయి. రెండో గీటు 20 క్యారెట్ల సూదికి దగ్గరగా నిలిచింది, అతుకు గీటు అంతకన్నా చాలా ముందుగా మాయమైంది. పదిహేడు బిళ్లలలో మూడింటి కెంపుల్లో మాత్రం గుండ్రటి బుడగలు కనిపించాయి, ఆ మూడు గూళ్ల కుందనం మిగతా వాటికన్నా పదునుగా, పసుపుగా ఉంది. కొక్కెం ఎండ్రకాయ గిట్ట ఆకారానిది, 22 క్యారెట్లది, దాని అతుకు చోట రంగు తేడా లేదు.

అంటే బిళ్లలు చేతిపని, బాగా వాడినవి, పాతవి. మూడు కెంపులను 1902 తర్వాత ఎప్పుడో మార్చారు. కొక్కేన్ని మా తరంలోనే అతికించారు. నూట ఇరవై ఏళ్లు అన్న మాటను ఈ ఆధారాలు కాదనలేదు, నిరూపించనూ లేదు. ఆ లెక్కను వాళ్లకు కాగితం మీద బిళ్లలకు, రాళ్లకు, కొక్కేనికి వేర్వేరుగా రాసి ఇచ్చాను.